కట్ట మీద నిలబడ్డవాళ్ల మాట

జూనియర్ రాసిన తనిఖీ నివేదికను దిద్దేటప్పుడు ఏది నిలదీయాలి, ఏది ముట్టుకోకూడదు? ఒక చెరువు రిపోర్టు మీద జరిగిన పని ఇది.

"నీళ్లు తొమ్మిది అడుగులు దాటితే ఇక్కడ నేల మెత్తబడుతుందని నీరటి చెప్పాడు. చేపలకు వెళ్లేవాళ్లు ఈ పక్క నుంచి నడవడం మానేశారు."

ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఒక ఏఈఈ రాసిన చెరువు తనిఖీ నివేదికలో, మూడో పేజీ మధ్యలో ఉన్న వాక్యాలివి. మా రిపోర్టులు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. నాలుగు పేజీల డ్రాఫ్టులో మిగతాదంతా మామూలు ఆఫీసు ధోరణి. చెరువు ఏ మండలంలో ఉంది, ఆయకట్టు ఎంత, కట్ట పొడవెంత, తూములెన్ని, మత్తడి వెడల్పెంత. ఈ రెండు వాక్యాలు మాత్రం కట్ట దిగి, బురదలో నిలబడి, పక్కనున్న మనిషిని అడిగి రాసినవని చదవగానే తెలుస్తుంది.

మన ఆఫీసుల్లో ముందుగా కొట్టేసేది ఇలాంటి వాక్యాలనే. నీరటి చెప్పిన మాట రిపోర్టులో ఎందుకు, చేపలవాళ్ల సంగతి మనకెందుకు అంటారు. వాటి మీద అడ్డంగా గీత గీసి "స్థానికుల సమాచారం మేరకు కట్ట దిగువన ఊట గమనించబడినది" అని రాస్తారు. వాక్యం గంభీరంగానే ఉంటుంది. కానీ తొమ్మిది అడుగులు అన్న అంకె ఎగిరిపోతుంది. మనుషులు ఆ పక్క నడవడం మానేశారన్న సాక్ష్యమూ పోతుంది. ఆ రిపోర్టు చదివి ఈఈ తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటే: చెరువులో నీళ్లు ఎంతవరకు నిలపవచ్చు? దానికి జవాబు ఉన్న ఏకైక వాక్యాన్ని మనమే చేజేతులా చెరిపేశామన్నమాట.

జూనియర్ గొంతును కాపాడాలని నేనంటే చాలామంది అది మర్యాదకు సంబంధించిన విషయం అనుకుంటారు, కుర్రవాళ్ల మనసు నొప్పించకూడదని చెబుతున్నాననుకుంటారు. మనసు సంగతి తర్వాత. తనిఖీకి వెళ్లింది వాళ్లు. చూసిన కళ్లు వాళ్లవి. ఆ చూపు వాళ్ల మాటల్లోనే కాగితం మీదికి వస్తుంది. మాట మారిస్తే చూసింది కూడా మారిపోతుంది.

ఇది చిన్న ఆఫీసుల్లోనే జరిగేది కూడా కాదు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు చనిపోయిన కొలంబియా ప్రమాదం మనందరికీ గుర్తే. నౌక పైకి లేచినప్పుడు ఊడిన నురుగు ముక్క రెక్కకు తగిలింది. వాళ్లు ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను అంచనా కట్టి నాసాకు నివేదించారు. అంతకుముందు పరీక్షల్లో వాడిన ముక్క పరిమాణం 3 ఘనపుటంగుళాలు, ఈసారి తగిలింది సుమారు 1920. అంటే 640 రెట్లు పెద్దది. పాత పరీక్షల లెక్క ఇక్కడ పనికిరాదని చెప్పే ఆ అంకె, ఒక స్లైడులో అట్టడుగున, ఉపాంశాల కింద ఉపాంశంగా చిన్న అక్షరాల్లో పడి ఉంది. పై శీర్షిక మాత్రం భరోసా ఇస్తున్నట్టుగా ఉంది. సమాచారం కింది నుంచి పైకి పోతున్న కొద్దీ కీలకమైన వివరణ వడపోతలో ఎలా పోతుందో చెప్పడానికి విచారణ సంఘం తన నివేదికలో ఆ స్లైడును ప్రత్యేకంగా చూపించింది. కింద ఉన్నవాళ్లు చూసిన విషయం పైవాళ్లదాకా చేరేలోపు నున్నబడిపోతే ఏమవుతుందో దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

కలం మూత తీయకముందు

మళ్లీ మన చెరువు దగ్గరికి వద్దాం. డ్రాఫ్టు చేతికి రాగానే మొదటి పేజీలోనే అక్షరదోషం కనిపిస్తుంది. చెయ్యి ఊరుకోదు, దిద్దుతాం. రెండో పేజీలో వాక్యం పొడుగైంది, తుంచుతాం. మూడో పేజీకి వచ్చేసరికి దిద్దడంలో పడి, చదవడం మానేసి ఉంటాం. అసలు విషయం అక్కడుంటే మన కంట పడదు. అందుకే మొదటిసారి చేతిలో కలం లేకుండా నాలుగు పేజీలూ చివరిదాకా చదవాలి. కంప్యూటరు మీదైతే ట్రాక్ చేంజెస్ ఆన్ చేయకుండా చదవాలి. చదివాక కాగితం పక్కన పెట్టి, ఈ రిపోర్టు ఎవరికోసం, చదివాక ఆయన ఏం చేయాలి, ఆ పని చేయడానికి కావలసినది ఇందులో ఉందా అని మనల్ని మనం అడగాలి.

ఆ డ్రాఫ్టును నేనలా చదివాక తేలింది ఇది. అసలు విషయం మూడో పేజీలో దాగి ఉంది. "సీపేజీ ఎక్కువగా ఉంది" అన్నచోట ఎంతో లేదు. "తక్షణ చర్యలు తీసుకోవాలి" అన్నచోట ఏ చర్యలో లేదు. చివర చెప్పిన ఒక సలహా ప్రమాదకరమైనది. ఇవి కాక ఇరవై దాకా చిన్నచిన్నవి: కామాలు, "సదరు"లు, ఒకే పేరాలో రెండుసార్లు వచ్చిన మాటలు, నేనైతే ఇలా రాయననిపించేవి.

ఆ ఇరవైనీ నేను వదిలేశాను. అక్షరదోషాలను మాత్రం రాసిన అమ్మాయినే ఒకసారి చూసుకోమన్నాను. పెద్ద విషయాలు నాలుగుంటే వాటి పక్కన ఇరవై చిన్నవి పెట్టకూడదు. డ్రాఫ్టు అందుకున్న మనిషి సులువైనవి ముందు చేస్తారు, అది సహజం. ఇరవై కామాలు సరిచేసేసరికి పని అయిపోయినట్టు అనిపిస్తుంది, బకెట్ పట్టుకుని మళ్లీ చెరువుకు వెళ్లాల్సిన పని వెనక్కి పోతుంది. పైగా మనకు నచ్చని వాక్యం వేరు, తప్పు వాక్యం వేరు. ఒక మాట మార్చాలనిపించినప్పుడు మార్చకపోతే చదివేవాడికి నష్టమేమిటో నాకు నేను చెప్పుకోగలగాలి. చెప్పుకోలేకపోతే అది నా అభిరుచి, ఆమె రిపోర్టులో దానికి చోటు లేదు.

ఎక్కువ అంటే ఎంత?

"సీపేజీ ఎక్కువగా ఉంది" అన్న వాక్యం పక్కన నేను రాసిన కామెంటు ఇదీ: "ఎక్కువ అంటే ఎంతమ్మా? ఊట నీళ్లను ఒక చోటికి మళ్లించి బకెట్‌తో కొలిచి రాయండి. నీళ్లు తేటగా ఉన్నాయా, మట్టి కలిసి వస్తున్నాయా? ఆ సమయానికి చెరువులో నీటిమట్టం ఎంత? రెండు రోజులు ఆగి ఇవే మళ్లీ చూడండి. ఊట పెరుగుతోందా లేదా అన్నదాన్ని బట్టే మనం నీళ్లు వదలాలా వద్దా అన్నది తేలుతుంది."

ఇందులో ఆఖరి వాక్యం చాలా ముఖ్యం. కొలవమని చెప్పి ఊరుకుంటే అది హుకుం అవుతుంది. ఎందుకు కొలవాలో చెబితే తర్వాతి చెరువు దగ్గర ఎవరూ చెప్పకుండానే కొలుస్తారు. ఇంకో సంగతి, ఆమె రాసిన సీపేజీ వాక్యాన్ని నేను తిరగరాయలేదు. రాయాలన్నా రాయలేను, ఎంతో నాకు తెలియదు. తెలియనప్పుడు రాసేస్తే ఏమొస్తుంది? "అధికమైన సీపేజీ" వస్తుంది. పాత ఖాళీకి కొత్త రంగు, అంతే.

చెరువు సంగతి తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. మట్టికట్ట అన్నాక కొద్దో గొప్పో ఊట ఉంటుంది, అది తప్పు కాదు. తేట నీరు, ఒకే తీరుగా, ఏళ్ల తరబడి కారుతుంటే కనిపెట్టి ఉంటే చాలు. నీళ్లతోపాటు మట్టి కూడా వస్తోందంటే కట్ట లోపల నుంచి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. లోపల సన్నటి దారి ఏర్పడుతుంది, అది వెడల్పవుతుంది, బుంగ పడుతుంది, బుంగ గండి అవుతుంది. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు, కట్ట మీద పెరిగిన చెట్టు చచ్చాక పుచ్చిపోయిన వేళ్లు, తూము పక్కన సరిగా దిమ్మిస చేయని మట్టి, వీటి వెంట ఈ దారి పడుతుంది. అందువల్ల ఊట రిపోర్టులో రంగు, పరిమాణం, మార్పు అనే మూడూ లేకపోతే మిగతా నాలుగు పేజీలున్నా లేనట్టే.

ఆమె మళ్లీ వెళ్లింది. ఊట చుట్టూ చిన్న మట్టిగట్టు కట్టి, ఒక పైపు ముక్క పెట్టి, నీళ్లన్నీ దానిగుండా వచ్చేలా చేసింది. పది లీటర్ల బకెట్ యాభై సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 12 లీటర్లు. రెండు రోజుల తర్వాత అదే బకెట్ నలభై సెకన్లలోనే నిండింది, నిమిషానికి 15 లీటర్లు. చెరువులో నీటిమట్టం రెండుసార్లూ తొమ్మిదిన్నర అడుగులే. నీళ్లు పెరగలేదు, ఊట పెరిగింది. గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచితే అడుగున సన్నటి మట్టి పొర పేరుకుంది.

ఇది నేను అడిగిందే. నేను అడగనిది ఇంకొకటి ఆమె రాసుకొచ్చింది: "మొదటిరోజు ఊట దగ్గర చెయ్యి పెడితే ఇసుక తగిలింది. రెండోసారి ఇసుక చుట్టూ చిన్న కుప్పలా పోసినట్టుంది, చీమలు పుట్ట ఎత్తినట్టు." ఊట నోటి చుట్టూ మట్టి కుప్ప పడటం బుంగకు మొదటి గుర్తుల్లో ఒకటి. దానికి ఇంజనీరింగ్ పుస్తకాల్లో పేరుంది. ఆ పేరు ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు. ఆమె రాసిన వాక్యం చదివితే ఈఈ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దాని పక్కన "ఈ వాక్యం ఇలాగే ఉంచండి, ఫొటో జతచేసి పక్కన స్కేలు పెట్టండి" అని మాత్రం రాశాను.

బాగున్నదాన్ని బాగుందని గుర్తు పెట్టడం కూడా కామెంటే. జూనియర్‌కు తన డ్రాఫ్టులో ఏది బలమో తెలియదు. కామెంట్లన్నీ తప్పుల మీదే ఉంటే, కామెంటు పడని వాక్యాలను కూడా భయంతో ఆఫీసు భాషలోకి మార్చేస్తారు. "చేపలకు వెళ్లేవాళ్లు" అన్న వాక్యం పక్కన నేనేమీ రాయకపోయి ఉంటే రెండో డ్రాఫ్టులో అది ఉండేది కాదని గట్టిగా నమ్ముతాను. అక్కడ రాసింది ఇది: "ఇది మూడో పేజీలో ఉండాల్సింది కాదు, మొదటి పేజీలో మొదటి పేరాకు తీసుకురండి. నీరటి చెప్పిన తొమ్మిది అడుగులు తూము రాయి మీది గీతల లెక్కేనా? ఆయన ఎన్నేళ్లుగా చూస్తున్నాడో కూడా కనుక్కోండి. మాటలు మార్చకండి."

తప్పును తప్పు అనాల్సిన చోటు

అన్నీ ప్రశ్నలుగానే అడగాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆమె డ్రాఫ్టు చివరి సలహా ఇలా ఉంది: "ఊట వస్తున్న చోట బంకమట్టి బస్తాలు వేసి గట్టిగా మూసివేయాలి." వినడానికి సబబుగానే ఉంటుంది. ఊళ్లో ఎవరైనా అదే చేస్తారు. కానీ కట్ట బయటి వాలులో ఊటను మూస్తే నీళ్లు ఆగవు, లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట, ఇంకా పెద్దదిగా బయటపడతాయి. నీటికి దారి ఇవ్వాలి, మట్టిని మాత్రం ఆపాలి. అందుకని ముందు ముతక ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన రాళ్లు, ఇలా పొరలుగా ఫిల్టరు వేస్తారు. ఊట ఉధృతంగా ఉంటే దాని చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గట్టు కట్టి, లోపల నీళ్లు కొంత ఎత్తు నిలిచేలా చేస్తారు. చెరువులో మట్టం దించడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

ఇలాంటి చోట "ఇది సరైనదేనా, ఒకసారి ఆలోచిస్తారా?" అని మెత్తగా అడగడం దగా. మనకు జవాబు తెలుసు, ఆమెకు తెలియదు, కట్ట కింద ఊరుంది. కామెంటులో "ఇది తప్పు. మూస్తే ఒత్తిడి పెరుగుతుంది. ఫిల్టరు గురించి ఇవాళ సాయంత్రం మాట్లాడుకుందాం" అని రాశాను. ప్రాణం మీదికి వచ్చే విషయాన్ని కాగితం అంచున రాసి వదిలేయకూడదు, కూర్చోబెట్టి మాట్లాడాలి.

సాయంత్రం ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనది: "సార్, లోపలి వాలు వైపు బంకమట్టి వేస్తే? అక్కడైతే మూసినా ఒత్తిడి పెరగదు కదా?" పెరగదు. నీళ్లు చొరబడే నోరు దొరికితే లోపలి వైపు మూయడం మంచి పనే. దొరకడమే కష్టం, నీళ్లున్నప్పుడు కనిపించదు. "అయితే మట్టం దించాక వెతకవచ్చు, అది కూడా రాయనా?" అంది. రాయమన్నాను. ఆ సలహా నాది కాదు, ఆమెది. నేనే సలహాల పేరా మొత్తం కొట్టేసి కొత్తది రాసి ఉంటే ఆ ప్రశ్న పుట్టేది కాదు, రిపోర్టులో ఆ వాక్యమూ ఉండేది కాదు.

మన ప్రభుత్వ దస్త్రాల సంప్రదాయంలో ఈ విషయంలో ఒక మంచి పద్ధతి ఉంది. కేంద్ర సచివాలయ కార్యాలయ విధానాల మాన్యువల్ ప్రకారం, ఒకసారి ఫైలులో రాసిన నోటు మీద కాగితం అతికించి కప్పేయకూడదు. అభిప్రాయం మారితే దాన్ని అలాగే ఉంచి కింద ఇంకో నోటు రాయాలి. డ్రాఫ్టు నోటులాంటిది కాదు, దిద్దుకోవడానికే ఉంటుంది. అయినా తనిఖీ రిపోర్టులో పరిశీలనల భాగానికి నేను ఇదే వరస పాటిస్తాను. అక్కడ ఏం చూశారో రాసే హక్కు వెళ్లినవాళ్లదే. నాకు అనుమానం ఉంటే మళ్లీ చూడమంటాను, లేదా నేనే వెళ్లి చూసి నా పేరుతో కింద రాస్తాను. ఆమె చూసినదాన్ని బల్ల దగ్గర కూర్చుని మార్చను. సలహాల భాగం వేరు, అది వాదించుకోవచ్చు. అక్కడా తేడా మిగిలితే ఆమె అభిప్రాయం ఆమెదిగా ఉంటుంది, నాది నా సంతకం పైన విడిగా ఉంటుంది.

రెండో డ్రాఫ్టు

రెండో డ్రాఫ్టు రెండు పేజీలే. మొదటి పేరా ఇలా మొదలైంది: "చెరువులో నీళ్లు తొమ్మిది అడుగులు దాటితే కట్ట బయట, తూముకు కుడిపక్క నేల మెత్తబడుతుందని నీరటి చెప్పాడు. ప్రస్తుతం తొమ్మిదిన్నర ఉన్నాయి. రెండు రోజుల్లో మట్టం పెరగకుండానే ఊట నిమిషానికి 12 లీటర్ల నుంచి 15కు పెరిగింది, నీళ్లలో మట్టి వస్తోంది. మట్టం ఎనిమిది అడుగులకు దించి, ఫిల్టరు వేసేదాకా అక్కడే ఉంచాలి." ఆయకట్టు, మత్తడి లెక్కలు చివర పట్టికలోకి వెళ్లాయి.

ఎనిమిది ఎందుకు, ఎనిమిదిన్నర చాలదా అని ఒక్కటే అడిగాను. నీరటి లెక్కకు అడుగు తక్కువ పెట్టుకున్నానంది. సరేనన్నాను. రెండో విడతలో నేను పాటించే నియమం ఒకటే: మొదటి విడతలో అడిగినవి వచ్చాయా లేదా అన్నదే చూస్తాను. అప్పుడు కనబడని కొత్త లోపాలు ఇప్పుడు తవ్వి తీయను, ప్రమాదం ఉంటే తప్ప. ప్రతి విడతకూ కొత్త కామెంట్లు పుట్టుకొస్తుంటే జూనియర్‌కు అర్థమయ్యేది ఒక్కటే, సార్‌కు నచ్చేదాకా తిప్పుతూనే ఉంటారని. అప్పుడు రిపోర్టు రాయడం మానేసి మన మనసు చదవడం మొదలుపెడతారు.

దిద్దడం దారితప్పిందని తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. ట్రాక్ చేంజెస్‌లో మనం చేసిన మార్పులన్నిటినీ ఒక్క నొక్కుతో ఒప్పేసుకుని తిప్పి పంపితే, ఆ మనిషి వాటిని చదవలేదు. మూడునాలుగు రిపోర్టుల తర్వాత డ్రాఫ్టు అచ్చం మనం రాసినట్టే వస్తుంటే సంతోషించకూడదు. అందులో నీరటి ఉన్నాడా, బురద ఉందా, మనకు తెలియని సంగతి ఒక్కటైనా ఉందా అని చూడాలి. "ఎలాగూ సార్ రాస్తారులే" అని సగం సగం డ్రాఫ్టులు రావడం మొదలైతే అప్పటికే ఆలస్యమైంది.

మనమే కూర్చుని రాయాల్సిన సందర్భాలూ ఉంటాయి. రాత్రి వాన దంచికొడుతోంది, కట్ట మీద నుంచి ఫోన్ వచ్చింది, కలెక్టరేట్‌కు గంటలో నివేదిక పోవాలి. అప్పుడు కామెంట్లు రాస్తూ కూర్చోవడం బాధ్యత తెలియని పని. నేనే రాస్తాను, ఆమె చెప్పిన అంకెలు ఆమె చెప్పినట్టే వేస్తాను, మర్నాడు పిలిచి ఏది ఎందుకలా రాశానో చూపిస్తాను. అంచనా పట్టికలు, టెండరు షరతుల్లాంటి కట్టుదిట్టమైన పాఠాలకూ సొంత గొంతు అక్కర్లేదు, నమూనా ప్రకారం ఉండాల్సిందే.

వానలు మొదలయ్యే ముందు మన రెండు రాష్ట్రాల్లో వేల చెరువుల మీద ఇలాంటి రిపోర్టులు రాస్తారు. వాటిని చదివి పైకి పంపే డీఈఈలకు, ఈఈలకు నా విన్నపం ఒక్కటే. "స్థానికుల సమాచారం మేరకు" అని రాయబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ స్థానికుడు ఎవరో, ఏం చెప్పాడో, ఎన్ని అడుగులన్నాడో మీ ఏఈఈ రాసి ఉంటే దాన్ని అలాగే పైకి పోనివ్వండి. రాయకపోతే, మీరు ఊహించి నింపకండి, అడిగి రాయమనండి.